చప్పట్లు కొట్టే ముందు నూటికి ఎంతో చూడండి

ఈ పోస్టు కాస్త పెద్దది. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. దగ్గర ఒక కాగితం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

మన జిల్లాల్లో ఇప్పుడు రైతు ఉత్పత్తిదారుల కంపెనీ లేని మండలం తక్కువ. మీలో చాలామందికి ఏదో ఒక కంపెనీలో వెయ్యో రెండు వేలో పెట్టి కొన్న షేర్లు ఉండే ఉంటాయి. నాకూ ఉన్నాయి. మా కంపెనీ సర్వసభ్య సమావేశం టెంటు కింద జరిగింది. చైర్మన్ గారు మైకు పట్టుకుని మూడు ముక్కలు చెప్పారు. "మూడేళ్లలో మన టర్నోవర్ రెట్టింపు అయింది. లాభం ప్రతి ఏడాదీ పెరిగింది. ఈ ఏడాది 2 లక్షల 80 వేలు లాభం." అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. తర్వాత పులిహోర తిని, ఇచ్చిన పుస్తకం చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాం.

ఆ పుస్తకం నాలుగు రోజులు గూట్లోనే ఉంది. అయిదో రోజు కరెంటు లేక, మోటారు దగ్గర కూర్చుని తిరగేశాను. తిరగేసిన తర్వాత నాకు అర్థమైంది ఏంటంటే, మేం చప్పట్లు కొట్టింది లాభానికి కాదు. నష్టానికి కొట్టాం. చైర్మన్ గారు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఆయన చెప్పిన మూడు అంకెలూ ఆడిటర్ సంతకం పెట్టిన కాగితంలో ఉన్నవే. మేమే వాటిని చదవాల్సిన తీరులో చదవలేదు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తా. సభ్యులకు మొత్తం రూపాయలు మాత్రమే చెప్పి, నూటికి ఎంత మిగులుతోందో చెప్పని సమావేశం సగం సమావేశమే. ఆ మిగతా సగం మనమే తయారు చేసుకోవాలి. అందుకు చదువు అక్కర్లేదు. భాగహారం వస్తే చాలు. ఎలాగో మా కంపెనీ లెక్కలతోనే చూపిస్తాను. కంపెనీ పేరు రాయను. చదవడానికి వీలుగా అంకెల్ని గుండ్రం చేశాను.

ముందు చదివే తీరు గురించి రెండు మాటలు. లెక్కల పుస్తకాన్ని రెండు రకాలుగా చదవచ్చు. ఒకటి అడ్డంగా. అంటే ఒకే వరస పట్టుకుని ఈ ఏడాది ఎంత, క్రితం ఏడాది ఎంత, అంతకుముందు ఎంత అని పక్కకు పోవడం. కామర్స్ చదివిన పిల్లలు దీన్ని హారిజాంటల్ అనాలిసిస్ అంటారు. రెండోది నిలువుగా. అంటే ఒకే ఏడాది తీసుకుని, అమ్మకం 100 రూపాయలు అనుకుంటే అందులో సరుకు కొనడానికి ఎంత పోయింది, జీతాలకు ఎంత, వడ్డీకి ఎంత అని పై నుంచి కిందికి రావడం. ఇది వర్టికల్ అనాలిసిస్. ఇలా అన్నిటినీ నూటికి మార్చి రాసిన పట్టీని కామన్ సైజ్ పట్టీ అంటారు. ఎకరం ఉన్నవాడి పంటనూ పదెకరాలవాడి పంటనూ పోల్చాలంటే ఎకరానికి ఎన్ని బస్తాలు అని అడుగుతాం కదా. ఇదీ అంతే. చిన్న ఏడాదినీ పెద్ద ఏడాదినీ ఒకే కొలతకు తెస్తుంది.

ఇప్పుడు లాభనష్టాల పట్టీ చూద్దాం. మా కంపెనీ రెండు వ్యాపారాలు చేస్తుంది. సభ్యులకు విత్తనాలు, ఎరువులు, పురుగు మందులు అమ్ముతుంది. మన దగ్గర మొక్కజొన్న కొని పెద్ద వ్యాపారులకు అమ్ముతుంది. మూడేళ్ల లెక్క లక్షల్లో ఇదీ. వరసగా 2021-22, 2022-23, 2023-24.

అమ్మకాలు: 80, 120, 160
అమ్మిన సరుకు కొన్న ఖర్చు: 70.4, 108, 145.6
జీతాలు: 4, 6, 8
రవాణా, అద్దె, ఇతర ఖర్చులు: 3.2, 4.8, 6.4
బ్యాంకు వడ్డీ: 0.8, 1.8, 3.2
ఇతర ఆదాయం: 0, 3, 6
లాభం: 1.6, 2.4, 2.8

ముందు అడ్డంగా చదవండి. మొదటి ఏడాది అంకెను 100 అనుకోవాలి. తర్వాతి ఏడాది అంకెను మొదటి ఏడాది అంకెతో భాగించి 100తో గుణించాలి. అమ్మకాలు 100, 150, 200. అంటే రెట్టింపు. చైర్మన్ గారి మాట నిజమే. లాభం 100, 150, 175. ఇదీ పెరిగింది. కానీ వడ్డీ వరస చూడండి. 100, 225, 400. అమ్మకం రెండింతలు అయితే వడ్డీ నాలుగింతలు అయింది. అడ్డంగా చదివినప్పుడు మన కన్ను ఆగాల్సింది ఇలాంటి చోట. అమ్మకంతో సమానంగా పెరిగిన వరసల్ని దాటేయండి. అమ్మకాన్ని దాటి పరిగెత్తిన వరస దగ్గర వేలు పెట్టండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. అడ్డం లెక్క చిన్న అంకెల్ని భూతద్దంలో చూపిస్తుంది. స్టేషనరీ ఖర్చు 2 వేల నుంచి 10 వేలు అయితే అది అయిదింతలు. వినడానికి ఘోరంగా ఉంటుంది. కానీ కోటిన్నర వ్యాపారంలో 10 వేలు ఏ మూలకు? అందుకే అడ్డంగా చదివి అనుమానం వచ్చిన వరసను నిలువు లెక్కలో కూడా చూసి, అది నిజంగా బరువైనదా కాదా తేల్చుకోవాలి. మా సమావేశంలో ఒకాయన టీ ఖర్చు గురించి పావుగంట పోట్లాడాడు. వడ్డీ గురించి ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు నిలువుగా. ప్రతి ఏడాది అమ్మకాన్ని 100 రూపాయలు చేయండి. మిగతా ప్రతి అంకెనూ ఆ ఏడాది అమ్మకంతో భాగించి 100తో గుణించండి.

సరుకు ఖర్చు: 88, 90, 91
సరుకు మీద మిగిలింది: 12, 10, 9
జీతాలు: 5, 5, 5
రవాణా, అద్దె, ఇతర ఖర్చులు: 4, 4, 4
వడ్డీ: 1, 1.5, 2
వ్యాపారం మీద మిగిలింది: 2, మైనస్ 0.5, మైనస్ 2

ఆ చివరి వరస మళ్లీ చదవండి. 2021-22లో మా కంపెనీ వంద రూపాయల సరుకు అమ్మితే 2 రూపాయలు మిగిలాయి. 2023-24లో వంద రూపాయల సరుకు అమ్మితే 2 రూపాయలు చేతినుంచి పోయాయి. 160 లక్షల అమ్మకం మీద అది 3 లక్షల 20 వేల నష్టం. మరి 2 లక్షల 80 వేల లాభం ఎక్కడి నుంచి వచ్చింది? ఇతర ఆదాయం అని ఒక వరస ఉంది చూశారా, అందులో 6 లక్షలు ఉన్నాయి. ఆ 6 లక్షలు కంపెనీ సంపాదించింది కాదు. ప్రభుత్వ సాయం.

2020లో కేంద్రం పది వేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం పెట్టింది. అందులో ఒక్కో సంస్థకు మూడేళ్ల కాలంలో 18 లక్షల దాకా నిర్వహణ సాయం ఇస్తారు. సీఈఓ జీతం, అకౌంటెంట్ జీతం, ఆఫీసు అద్దె లాంటివాటికి. మంచి పథకమే. నేను తప్పు పట్టడం లేదు. కానీ అది మూడేళ్ల సాయం. నాలుగో ఏడు రాదు. 6 లక్షలు తీసేసి చూస్తే మా కంపెనీ ఒంట్లో బలం ఎంతో తెలిసిపోతుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడే చోటు ఒకటి ఉంది. మీరు కేవలం చివరి లాభాన్ని నూటికి మార్చి చూశారనుకోండి. 1.6 ని 80తో భాగిస్తే 2. 2.4 ని 120తో భాగిస్తే 2. 2.8 ని 160తో భాగిస్తే 1.75. "అబ్బే, నిలకడగానే ఉంది, నూటికి రెండు" అని పుస్తకం మూసేస్తాం. సాయం డబ్బు పైనుంచి పోస్తున్నారు కాబట్టి అడుగున ఉన్న చిల్లు కనపడలేదు. అందుకని నిలువుగా చదివేటప్పుడు ఒక్క చివరి వరస చూస్తే సరిపోదు. సరుకు మీద మిగిలింది ఎంత, వ్యాపారం మీద మిగిలింది ఎంత, సాయం కలిపాక ఎంత అని మూడు మెట్లు దిగాలి.

ఇంకో కిటుకు. నూటికి లెక్క వేసేటప్పుడు వంద దేన్ని అనుకున్నారో చూసుకోండి. పుస్తకంలో అమ్మకాలు, ఇతర ఆదాయం కలిపి మొత్తం ఆదాయం అని ఒక వరస ఉంటుంది. ఎవరైనా దాన్ని వంద చేసి లెక్క చూపిస్తే ఖర్చులన్నీ కాస్త తక్కువగా కనిపిస్తాయి. సరుకు ఖర్చు 91 కాస్తా 166తో భాగిస్తే 88 దగ్గరకు వచ్చేస్తుంది. అంటే మొదటి ఏడాది లాగే ఉందన్న మాట! అందుకే అమ్మకాలనే వంద చేయండి. ప్రతి ఏడాదికీ అదే పద్ధతి పెట్టండి.

జీతాల వరస కూడా వదలొద్దు. 5, 5, 5 అని నిలకడగా ఉంది, బాగానే ఉంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. తర్వాత ఆలోచిస్తే అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఒక సీఈఓ, ఒక అకౌంటెంట్, ఒక గుమాస్తా ఉంటే వాళ్లు 80 లక్షల వ్యాపారమూ చేయగలరు, 120 లక్షల వ్యాపారమూ చేయగలరు. వ్యాపారం పెరిగేకొద్దీ జీతాల వంతు 5 నుంచి 4కు, 4 నుంచి 3కు దిగాలి. పెరగడం వల్ల వచ్చే లాభం అదే కదా. ట్రాక్టరు కొన్నవాడు అయిదెకరాలకు బదులు ఇరవై ఎకరాలు దున్నితే ఎకరానికి పడే భారం తగ్గుతుంది. మా కంపెనీలో వ్యాపారం పెరిగినప్పుడల్లా మనుషుల్నీ జీతాల్నీ అంతే పెంచారు. సాయం డబ్బు ఉంది కదా అని. ఆ సాయం ఆగిన రోజు జీతాలు ఆగవు.

మా వీధిలో బాబాయ్ ఒకాయన ఉన్నాడు. ఈ లెక్క చూపిస్తే, "ఒరేయ్, పెరిగే బిడ్డకు తిండి ఎక్కువే పెట్టాలి. మొదట్లో నష్టం ఉంటుంది. ఆ సాయం ఇచ్చేదే అందుకు కదరా" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. కొత్త కంపెనీకి మొదటి ఏళ్లలో నష్టం రావడం తప్పు కాదు. కానీ మొదట్లో నష్టం వచ్చి పోనుపోను తగ్గితే అది పెరిగే బిడ్డ. మొదట్లో 2 మిగిలి, పోనుపోను 2 పోతుంటే దాన్ని పెరగడం అంటామా బాబాయ్, అని అడిగా. "మరి ఎక్కడ పోతోందిరా డబ్బు?" అన్నాడు. అది తెలియాలంటే రెండో కాగితం చూడాలి. ఆస్తి అప్పుల పట్టీ. అదే బ్యాలెన్స్ షీట్.

దీంట్లో అమ్మకం ఉండదు కాబట్టి మొత్తం ఆస్తిని వంద అనుకోవాలి. 2022 మార్చి 31న మా కంపెనీ మొత్తం ఆస్తి 25 లక్షలు. 2024 మార్చి 31న 50 లక్షలు. ఇది కూడా రెట్టింపే, మళ్లీ చప్పట్లే! లోపల ఏముందో చూద్దాం. ముందు అంకె 2022ది, తర్వాతది 2024ది, లక్షల్లో.

గోడౌన్‌లో సరుకు: 8, 12
మనకు రావాల్సిన బాకీలు: 5, 28
బ్యాంకులో, చేతిలో డబ్బు: 5, 3
యంత్రాలు, షెడ్డు: 7, 7

దీన్నే నూటికి మార్చండి. బాకీలు 20 నుంచి 56 అయ్యాయి. చేతిలో డబ్బు 20 నుంచి 6కు పడింది. యంత్రాలు, షెడ్డు 28 నుంచి 14 అయ్యాయి. అంటే రెండేళ్ల కింద మా కంపెనీ అంటే సరుకు, యంత్రాలు, కాసిని డబ్బులు. ఇప్పుడు సగానికి పైగా కంపెనీ వేరేవాళ్ల దగ్గర ఉన్న బాకీల కాగితాల్లో ఉంది.

అడ్డంగా చూస్తే ఇంకా స్పష్టం. అమ్మకాలు 100 నుంచి 200 అయితే, బాకీలు 100 నుంచి 560 అయ్యాయి. అమ్మకం పెరిగితే బాకీ కొంత పెరగడం సహజం. రెండింతల అమ్మకానికి రెండింతల బాకీ ఉంటే అడగక్కర్లేదు. అయిదున్నర రెట్లు అంటే అమ్మడం తేలికైంది, వసూలు చేయడం కష్టమైంది అని అర్థం. రోజుల్లో చెప్పాలంటే, బాకీని ఏడాది అమ్మకంతో భాగించి 365తో గుణించండి. ముందు 23 రోజుల అమ్మకం బయట ఉండేది. ఇప్పుడు 64 రోజుల అమ్మకం బయట ఉంది.

ఇక అప్పుల వైపు. మన షేర్ల డబ్బు, మిగులు కలిపి 11 లక్షలు ఉండేది, 16 లక్షల 20 వేలు అయింది. సరుకు ఇచ్చినవాళ్లకు ఇవ్వాల్సింది 6 లక్షల నుంచి 5 లక్షల 80 వేలకు వచ్చింది. బ్యాంకు అప్పు 8 లక్షల నుంచి 28 లక్షలకు పోయింది. నూటికి చూస్తే అప్పు వంతు 32 నుంచి 56.

ఆ 56 ఇంకోసారి చూడండి. బాకీలు నూటికి 56, బ్యాంకు అప్పు నూటికి 56. ఇటు 28 లక్షలు, అటు 28 లక్షలు. బ్యాంకు దగ్గర మనం వడ్డీకి తెచ్చి, కొన్నవాళ్ల దగ్గర వడ్డీ లేకుండా పెట్టాం. మనం ఇంట్లో ఎవరైనా ఇలా చేస్తే ఊరుకుంటామా? నూటికి రూపాయి వడ్డీకి తెచ్చి బావమరిదికి చేబదులు ఇచ్చి వస్తే ఇంటావిడ ఏమంటుందో మీకు తెలుసు.

ఎవరికి ఇచ్చారు ఆ బాకీలు? దీనికి సమాధానం పైన ఉన్న పట్టీల్లో ఉండదు. పుస్తకం వెనక నోట్స్ అని ఉంటాయి. చాలామంది అక్కడిదాకా పోరు. నేను అకౌంటెంట్ దగ్గర కూర్చుని రెండు వ్యాపారాల్నీ విడదీయమని అడిగాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మొదటి ఏడాది 80 లక్షల్లో ఎరువులు, మందులు 60, మొక్కజొన్న 20. మూడో ఏడాది 160 లక్షల్లో ఎరువులు, మందులు 70, మొక్కజొన్న 90. అంటే పెరిగిన 80 లక్షల్లో 70 లక్షలు మొక్కజొన్నే.

ఎరువులు, మందుల మీద మొదటి ఏడాదీ నూటికి 14 మిగిలింది, మూడో ఏడాదీ 14 మిగిలింది. అక్కడ ఏ తేడా రాలేదు. మొక్కజొన్న మీద మొదట నూటికి 6, ఇప్పుడు 5 రూపాయల పది పైసలు. కలిపి చూస్తే 12 కాస్తా 9 అయింది. ఎవరో సరుకు తినేశారని కాదు. తక్కువ మిగిలే వ్యాపారం వంతు పెరిగింది. నూటికి లెక్క చూసి వెంటనే మేనేజర్ మీద అనుమానపడితే ఇక్కడ తప్పు చేసేవాళ్లం. మొత్తం శాతం తగ్గితే దానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒక్కో సరుకు మీద మిగులు తగ్గి ఉండాలి, లేకపోతే తక్కువ మిగిలే సరుకు ఎక్కువ అమ్మి ఉండాలి. విడదీసి చూడకుండా ఏదని చెప్పలేం.

ఇప్పుడు బాకీల సంగతి. 28 లక్షల్లో 3 లక్షలు సభ్యులు ఎరువుల మీద పెట్టిన అరువు. మిగతా 25 లక్షలు మొక్కజొన్న కొన్న వ్యాపారులది. ఏడాదికి నూటికి 12 వడ్డీ వేస్తే 25 లక్షల మీద 3 లక్షలు. మొక్కజొన్న 90 లక్షలు అమ్మితే దాని మీద మిగిలింది 4 లక్షల 60 వేలు. అందులో 3 లక్షలు వడ్డీకే పోయింది. మిగిలిన లక్షా 60 వేలల్లోంచి హమాలీ, లారీ కిరాయి, గుమాస్తా జీతం. మీరే చెప్పండి, ఏం మిగులుతుంది? టర్నోవర్ పెంచింది మొక్కజొన్న. నష్టం తెచ్చిందీ మొక్కజొన్నే. చైర్మన్ గారు గర్వంగా చెప్పిన రెట్టింపు ఇదే.

మొక్కజొన్న కొనొద్దని నేను అనడం లేదు. మనం కంపెనీ పెట్టుకున్నదే మన పంట మనమే అమ్ముకోవడానికి. ఎరువుల షాపు పెట్టుకోవడానికి కాదు. కానీ నూటికి 5 మిగిలే సరుకును నెలల తరబడి అరువు మీద ఇవ్వకూడదు. నెలకు నూటికి రూపాయి చొప్పున అయిదు నెలలు పోతే ఆ 5 అక్కడే కరిగిపోతుంది.

ఈ లెక్కకూ హద్దులు ఉన్నాయి, అవి కూడా చెప్పాలి. ఆస్తి అప్పుల పట్టీ అనేది మార్చి 31న తీసిన ఫొటో. రబీ మొక్కజొన్న మార్చి, ఏప్రిల్‌లోనే వస్తుంది. కోత నాలుగు రోజులు ముందు పడితే ఆ రోజుకు బాకీ పెద్దగా కనిపించొచ్చు, ఆలస్యమైతే చిన్నగా కనిపించొచ్చు. అలాంటప్పుడు వడ్డీ లెక్క కూడా మారుతుంది. మా కంపెనీలో ఈ అనుమానం నాకూ వచ్చింది. అందుకే నోట్స్‌లో బాకీల వయసు పట్టిక చూశాను. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ ఇది ఇవ్వాలని నియమం వచ్చింది. ఆరు నెలల లోపువి ఎన్ని, ఆరు నెలల నుంచి ఏడాది లోపువి ఎన్ని, ఏడాది దాటినవి ఎన్ని, రెండేళ్లు, మూడేళ్లు దాటినవి ఎన్ని అని గళ్లు ఉంటాయి. బాకీ అంతా మొదటి గడిలో ఉంటే అది కోత కాలపు బాకీ, రెండు నెలల్లో వస్తుంది. మా దాంట్లో సగానికి పైగా ఆరు నెలలు దాటిన గడిలో ఉంది. అంటే క్రితం పంటవి. అప్పుడు నా అనుమానం తీరింది, భయం పెరిగింది.

రెండో హద్దు, ధరలు. అమ్మకం రెట్టింపు అంటే క్వింటాళ్లు రెట్టింపు అని కాదు. మొక్కజొన్న మద్దతు ధర 2021-22లో క్వింటాకు 1,870 ఉంటే 2023-24లో 2,090. ధర పెరిగినంత మేరకు ఏమీ చేయకుండానే టర్నోవర్ పెరుగుతుంది. అడ్డం లెక్క ఈ తేడా చెప్పదు. అందుకే ఎన్ని క్వింటాళ్లు, ఎన్ని బస్తాలు అని పక్కన అడిగి రాసుకోండి. అలాగే మొదటి ఏడాదిగా దేన్ని పెట్టుకున్నామన్నది కూడా ముఖ్యం. కరువు ఏడాదినో, కంపెనీ తెరిచిన మొదటి ఆరు నెలలనో 100 అనుకుంటే తర్వాత ఏది చూసినా గొప్పగానే కనిపిస్తుంది. ఎవరైనా "ఫలానా ఏడాది నుంచి ఇన్ని రెట్లు" అంటే, ఆ ఫలానా ఏడాదే ఎందుకు పట్టుకున్నారు అని అడగండి.

మరి ఇప్పుడేం చేయాలి? మా కంపెనీ నష్టం 3 లక్షల 20 వేలు. వ్యాపారుల బాకీ 25 లక్షల నుంచి 8 లక్షలకు తెస్తే 17 లక్షల అప్పు కట్టేయొచ్చు. వడ్డీ 2 లక్షలు తగ్గుతుంది. నష్టం లక్షా 20 వేలకు వస్తుంది. జీతాలూ మిగతా ఖర్చులూ ఇక్కడే ఆపి, మన సభ్యులే బయట కొంటున్న ఎరువుల్లో ఇంకో 10 లక్షల సరుకు కంపెనీలో కొంటే నూటికి 14 చొప్పున లక్షా 40 వేలు వస్తుంది. నష్టం పోయి 20 వేలు మిగులు. సాయం లేకుండా సొంత కాళ్ల మీద. పెద్ద మాయ ఏమీ లేదు ఇందులో. కానీ టర్నోవర్ మాత్రమే చూసినవాళ్లకు ఈ దారి కనపడదు. వాళ్లు వచ్చే ఏడాది మొక్కజొన్న ఇంకో 50 లక్షలు కొందాం అంటారు. మా సమావేశంలో నిజంగానే అన్నారు.

కొందరు డైరెక్టర్లకు నా మీద కోపం వచ్చింది. "లెక్కలు చూడటానికి ఆడిటర్ ఉన్నాడు, నువ్వెవరు?" అన్నారు. ఆడిటర్ చూసేది లెక్క రాసిన తీరు సరిగ్గా ఉందా లేదా అని. వ్యాపారం తెలివిగా చేస్తున్నారా లేదా అన్నది ఆయన పని కాదు. అది షేరు పెట్టినవాళ్ల పని. మన లాంటి కంపెనీల్లో రైతుకు షేర్లు ఎన్ని ఉన్నా ఒక సభ్యుడికి ఒకటే ఓటు. వార్షిక సమావేశానికి పద్నాలుగు రోజుల ముందు నోటీసుతో పాటు ఆడిట్ చేసిన లెక్కలూ సభ్యులకు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. టెంటు కింద పులిహోరతో పాటు పంచే పుస్తకం కాదు అది. పద్నాలుగు రోజులు ముందే మన ఇంట్లో ఉండాల్సిన పుస్తకం.

మొదటిసారి చదివేవాళ్లకు ఇంకో మాట. ఆ పుస్తకంలో ఈ ఏడాది పక్కనే క్రితం ఏడాది గడి కూడా ఉంటుంది. రెండేళ్లు చేతిలో ఉన్నట్టే. పాత పుస్తకం ఒకటి దొరికితే మూడో ఏడాది, నాలుగో ఏడాది కూడా వచ్చేస్తాయి. రెండేళ్లు చూస్తే మారిందా లేదా అని తెలుస్తుంది. మూడేళ్లు చూస్తేనే ఎటు పోతోందో తెలుస్తుంది. ఒక ఏడాది వాన తక్కువైతే వాతావరణం మారిందని అనం కదా.

వచ్చే సమావేశంలో నేను మైకు అడిగి మూడే అడుగుతాను. సాయం తీసేస్తే వంద రూపాయల అమ్మకం మీద ఎంత మిగిలింది? బాకీలు అమ్మకం కన్నా ఎందుకు వేగంగా పెరిగాయి, ఆరు నెలలు దాటినవి ఎవరి దగ్గర ఉన్నాయి? సాయం ఆగిన ఏడాది జీతాలు ఎక్కడి నుంచి ఇస్తారు? సమాధానం బాగుంటే అందరికంటే ముందు నేనే చప్పట్లు కొడతా.

మీ కంపెనీ పుస్తకం మీ ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటుంది. తీయండి. అమ్మకాన్ని వంద చేసి, వ్యాపారం మీద మిగిలింది నూటికి ఎంతో చూసి, కింద కామెంట్‌లో మూడేళ్ల మూడు అంకెలు రాయండి. కంపెనీ పేరు రాయొద్దు, అంకెలు చాలు. ఎవరిది ఎటు పోతోందో నలుగురం కలిసి చూసుకుందాం. ఉంటా మరి, మోటారు వేసే టైం అయింది.